పొదుపు 57 శాతం, గడిచే నెలలు నాలుగున్నర: ఏది నమ్మాలి?

ప్రశ్న: ఏటా డిసెంబరు 31న మూడు అంకెలు రాసుకుంటాను: పొదుపు శాతం, ఆదాయంలో అప్పుల వాయిదాల వాటా, జీతం ఆగిపోతే చేతిలో డబ్బుతో గడిచే నెలలు. రెండేళ్లుగా చేతికొచ్చే జీతం నెలకు 80 వేలు, ఇంటి ఖర్చు 48 వేలు. ఇంటి అప్పు వాయిదా 16 వేలు, కారు అప్పు వాయిదా 12 వేలు ఉండేవి. కారు అప్పు 12 శాతం వడ్డీది, ఇంకా 36 వాయిదాలు మిగిలాయి. జనవరి మొదట్లో బ్యాంకులో ఉన్న 4.56 లక్షల్లోంచి 3.6 లక్షలు తీసి దాన్ని పూర్తిగా తీర్చేశాను. ఇంటి అప్పు ఏడాదిలో 15.6 లక్షల నుంచి 15 లక్షలకు దిగింది. ఇప్పుడు లెక్క చూస్తే పొదుపు 5 నుంచి 57 శాతానికి పెరిగింది, వాయిదాల వాటా 35 నుంచి 20కి తగ్గింది. గడిచే నెలలు మాత్రం ఆరు నుంచి నాలుగున్నరకు పడిపోయాయి. నేను ముందుకెళ్లినట్టా, వెనక్కెళ్లినట్టా?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందుకే వెళ్లారు. అయితే 57 శాతం చెప్పినంత దూరం కాదు. దాన్ని సరిదిద్దితే వచ్చే 20 శాతం చెప్పినంత దూరం కూడా కాదు. ముందు ఆ 57 సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో ఒక లెక్క తప్పుంది.

ఈ ఏడాది పొదుపు అంటే, ఈ ఏడాది వచ్చిన ఆదాయంలో ఈ ఏడాది ఖర్చు కాకుండా మిగిలింది. కారు అప్పుకు కట్టిన 3.6 లక్షలు అంతకు ముందు ఏళ్ల సంపాదన. వాటిని దాచిన ఏళ్లలోనే అవి ఒకసారి పొదుపుగా మీ పుస్తకంలోకి ఎక్కాయి. ఇప్పుడు అప్పు తీర్చినందుకు మళ్లీ పొదుపు అని రాస్తే ఒకే డబ్బును రెండుసార్లు లెక్కపెట్టినట్టే. కుడి జేబులోది ఎడమ జేబులోకి మారింది, అంతే. నిజంగా ఈ ఏడాది మిగిలింది నెలకు 80 వేలలో ఇంటి ఖర్చు 48, ఇంటి వాయిదా 16 పోగా 16 వేలు. ఏడాదికి 1.92 లక్షలు. 9.6 లక్షల ఆదాయంలో అది సరిగ్గా 20 శాతం.

ఇలాంటి తప్పును పట్టుకోవడానికి ఒక సరిచూపు ఉంది, రెండు నిమిషాల పని. ఏడాది మొదట చేతిలో ఉన్న డబ్బులోంచి మొత్తం అప్పు తీసేయండి. ఏడాది చివర కూడా అదే చేయండి. పోయిన డిసెంబరులో మీ దగ్గర 4.56 లక్షలు, అప్పులు రెండూ కలిపి 19.2 లక్షలు, అంటే 14.64 లక్షల లోటు. ఈ డిసెంబరులో చేతిలో 2.88 లక్షలు, అప్పు 15 లక్షలు; 12.12 లక్షల లోటు. ఏడాదిలో మీ పరిస్థితి మెరుగుపడింది 2.52 లక్షలు. అందులో 1.92 లక్షలు బ్యాంకులో మిగిలినవి, 60 వేలు ఇంటి అప్పులో తగ్గిన అసలు. లెక్క పైసాతో సహా కుదిరింది. అదే 57 శాతం నిజమైతే 5.52 లక్షల పొదుపు, దానికి ఇంటి అప్పులో తగ్గిన 60 వేలు కలిపి 6.12 లక్షల మెరుగుదల కనిపించాలి. తేడా ఎంతో చూడండి, సరిగ్గా 3.6 లక్షలు. తప్పు ఎక్కడుందో ఆ తేడాయే చెప్పేస్తుంది.

ఇక రెండో సంగతి, నాకు దీనిమీదే ఎక్కువ చెప్పాలని ఉంది. 57ని 20గా దిద్దుకున్నాక కూడా 5 నుంచి 20కి ఎగబాకడం గొప్పగానే కనిపిస్తుంది. నాలుగు రెట్లు! కానీ మీ జీతం మారలేదు, ఇంటి ఖర్చూ మారలేదు. మరి పొదుపు నాలుగు రెట్లు ఎలా అయింది? కారు వాయిదా కింద పోయే 12 వేలు ఇప్పుడు బ్యాంకులో ఆగుతున్నాయి కాబట్టి. ఆ 12 వేలు అంతకు ముందు పూర్తిగా ఖర్చా అంటే, కాదు. ప్రతి వాయిదాలో కొంత వడ్డీ, కొంత అసలు. వడ్డీ పోయినట్టే, తిరిగి రాదు. అసలు మాత్రం మీ అప్పును అంతమేర తగ్గిస్తుంది, అంటే అదీ ఒక రకం పొదుపే. మీరు చెప్పిన వడ్డీతో వెనక్కి లెక్క వేస్తే, గత ఏడాది కారు వాయిదాలుగా కట్టిన 1.44 లక్షల్లో సుమారు 94 వేలు అసలుకే జమ అయ్యాయి. ఇంటి అప్పులో కూడా గత ఏడాది 55 వేల దాకా అసలు తగ్గి ఉంటుంది. వీటికి బ్యాంకులో మిగిలిన 48 వేలు కలిపితే 1.97 లక్షలు, ఆదాయంలో 20.5 శాతం. ఈ ఏడాది అదే పద్ధతిలో 2.52 లక్షలు, 26 శాతం పైచిలుకు.

కాబట్టి మీ అసలైన ప్రయాణం 5 నుంచి 57 కాదు, 5 నుంచి 20 కూడా కాదు. 20.5 నుంచి 26. ఆ పెరిగిన 55 వేలలో దాదాపు 50 వేలు గత ఏడాది కారు అప్పుకు కట్టి, ఈ ఏడాది కట్టనవసరం లేకపోయిన వడ్డీ. మిగతా ఐదు వేలు ఇంటి అప్పు వడ్డీలో తగ్గింది. నిజానికి కారు అప్పును అలాగే వదిలేసినా ఈ ఏడాది దాని వడ్డీ 37 వేలకు దిగేది, బాకీ తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది కాబట్టి. అంటే మీ నిర్ణయం వల్ల ఈ ఏడాది వచ్చిన లాభం ఆ 37 వేలు; అందులోంచి 3.6 లక్షలు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీని కూడా తీసేయాలి. మంచి లాభమే. పొదుపు నాలుగు రెట్లయిందని చెప్పుకునే లాభం మాత్రం కాదు.

అందుకని పొదుపు శాతాన్ని రెండు గడుల్లో రాసుకోండి. ఒకటి, బ్యాంకులోనో పెట్టుబడిలోనో నిజంగా చేరిన డబ్బు. రెండోది, దానికి అప్పుల్లో తగ్గిన అసలు కలిపినది. ఒకటే ఉంచుకోమంటే నేను రెండోదాన్నే ఉంచుకుంటాను, అప్పు తీర్చడమా దాచడమా అన్న మీ ఎంపికతో అది ఊగిపోదు కాబట్టి. అసలు ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి సూత్రాలేవీ అక్కర్లేదు. అప్పు ఇచ్చినవాళ్ల వార్షిక స్టేట్‌మెంటులో ఏడాది మొదటి బాకీ, చివరి బాకీ ఉంటాయి, ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే చాలు. జీతం చేతికి రాకముందే రిటైర్మెంట్ నిధికి కోతపడే సొమ్ము ఉంటే దాన్ని పొదుపులోనూ ఆదాయంలోనూ రెండుచోట్లా కలపండి, లేదా రెండుచోట్లా వదిలేయండి. పైన కలిపి కింద మరిచిపోతే శాతం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. షేర్ల ధరలు పెరిగి వచ్చిన విలువను పొదుపులో కలపకండి. అది మార్కెట్ చేసిన పని, మీరు చేసింది కాదు.

వాయిదాల వాటా 35 నుంచి 20కి తగ్గడంలో ఏ తప్పూ లేదు. 28 వేలు 80 వేలలో 35 శాతం, 16 వేలు 20 శాతం. అయితే ఈ అంకెకు అప్పు ఎంత ఉందో కనిపించదు, నెలకు ఎంత కడుతున్నామో మాత్రమే కనిపిస్తుంది. ఉదాహరణకు మీరు కారు అప్పు తీర్చకుండా, అదే వడ్డీకి గడువును 36 నెలల నుంచి 60 నెలలకు పెంచుకుని ఉంటే వాయిదా 12 వేల నుంచి దాదాపు 8 వేలకు దిగేది. వాటా 35 నుంచి 30కి తగ్గి పుస్తకంలో ప్రగతిలా కనిపించేది. కానీ బాకీ ఒక్క పైసా తగ్గదు, పైగా మొత్తం మీద 4.32 లక్షలు కట్టాల్సిన చోట 4.8 లక్షలు కడతారు.

దీనికి తిరగేసినదీ జరుగుతుంది. కొంత మొత్తం ముందుగా కట్టినప్పుడు చాలా అప్పుల్లో వాయిదా అలాగే ఉంచి గడువు తగ్గిస్తారు. అప్పుడు రెండు లక్షలు తీర్చినా వాటా 35 దగ్గరే కదలకుండా ఉంటుంది, ఏమీ చేయనట్టు. అందుకే దీని పక్కన మొత్తం బాకీని ఏడాది ఆదాయంతో భాగించి రాయండి. మీకు పోయిన డిసెంబరులో 19.2 లక్షలను 9.6తో భాగిస్తే సరిగ్గా 2, అంటే రెండేళ్ల ఆదాయమంత అప్పు. ఇప్పుడు 15ని 9.6తో భాగిస్తే 1.56. వాటా తగ్గి ఈ రెండోది తగ్గకపోతే గడువు సాగదీశారని అర్థం. రెండోది తగ్గి వాటా అలాగే ఉంటే అప్పు తరుగుతోంది, నెలవారీ భారం మాత్రం ఇంకా దిగలేదని అర్థం. మీకు రెండూ తగ్గాయి.

ఒక మాట. అప్పు ఇచ్చేవాళ్లు ఈ వాటాను చాలాచోట్ల పన్ను కోతకు ముందున్న జీతం మీద లెక్క కడతారు. మీది చేతికొచ్చే జీతం మీద కట్టింది. రోజువారీ బతుకు నడిచేది దానితోనే కాబట్టి మీ పుస్తకానికి అదే సరైనది. వాళ్లు చెప్పే పరిమితితో పోల్చేటప్పుడు మాత్రం వాళ్ల పద్ధతిలో మళ్లీ లెక్క కట్టాలి.

ఇప్పుడు మిమ్మల్ని కంగారుపెట్టిన నాలుగున్నర దగ్గరికి వద్దాం. లెక్క సరైనదే. 2.88 లక్షలను నెలకు కావలసిన 64 వేలతో భాగిస్తే నాలుగున్నర. పోయిన ఏడాది 4.56 లక్షలు, అవసరం 76 వేలు, ఆరు నెలలు. నాలుగున్నర చూసి నాకు భయం వేయలేదు. నెలకు 16 వేలు చేరుతున్నాయి, ఆరు నెలలకు కావలసింది 3.84 లక్షలు, తక్కువైంది 96 వేలు. ఖర్చు ఇలాగే ఉంటే వచ్చే జూన్ చివరికి మళ్లీ ఆరు నెలలకు చేరిపోతారు. నాకు ఇబ్బందిగా అనిపించింది మీ పుస్తకంలో అసలు లేని అంకె. జనవరిలో అప్పు తీర్చిన మర్నాడు మీ దగ్గర మిగిలింది 96 వేలు. 64 వేల అవసరానికి అది నెలన్నర. డిసెంబరు నుంచి డిసెంబరుకు దూకే లెక్కలో ఆ గుంట కనిపించదు. ఫిబ్రవరిలో జీతం ఆగి ఉంటే మీరు మళ్లీ అప్పు చేయాల్సి వచ్చేది, బహుశా 12 శాతం కన్నా ఎక్కువ వడ్డీకి. ఏమీ జరగలేదు కాబట్టి నిర్ణయం సరైనదే అనుకోవడం సులువు.

మరో దారి ఉండేది. నెల అవసరం 76 వేలు కాబట్టి మూడు నెలలకు 2.28 లక్షలు బ్యాంకులోనే ఉంచి, మిగతా 2.28 లక్షలు మాత్రమే కారు అప్పుకు కట్టి, 12 వేల వాయిదా కొనసాగిస్తే ఏమయ్యేది? మిగిలిన బాకీ 1.32 లక్షలు, 12 వేల చొప్పున పన్నెండో వాయిదాకల్లా అయిపోయేది. ఆ చివరిది కూడా పూర్తి వాయిదా కాదు. అదనంగా పడే వడ్డీ తొమ్మిది వేల లోపే. డిసెంబరు చివర మీ దగ్గర 2.88 బదులు దాదాపు 2.8 లక్షలు ఉండేవి. కారు అప్పు అప్పటికీ తీరిపోయేది. ఏడాది పొడవునా మూడు నెలల కిందకి దిగే పనే ఉండేది కాదు. ఆ తొమ్మిది వేలను నేను భద్రతకు కట్టిన ప్రీమియం అనుకునేవాణ్ని. ముందుగా కట్టినందుకు అప్పు ఇచ్చినవాళ్లు రుసుము వసూలు చేస్తే ఈ లెక్క కొంచెం మారుతుంది, అది ఒప్పంద పత్రంలో చూసుకోవాలి. జరిగిపోయినదాని గురించి ఇంత చెప్పడం ఎందుకంటే, ఇంటి అప్పు మీద కూడా మీకు ఇదే ఆలోచన వస్తుందని నా అనుమానం. ఇక నుంచి డిసెంబరు అంకె పక్కనే ఏడాదిలో అతి తక్కువగా దిగిన గడిచే నెలలను కూడా రాయండి. ఈ ఏడాది గడిలో పడేది 1.5.

గడిచే నెలల విషయంలో ఇంకో చిక్కు తేదీది. డిసెంబరు జీతం 31నే జమైతే మీ దగ్గర 2.88 కాదు, 3.68 లక్షలు కనిపిస్తాయి. నాలుగున్నర కాస్తా 5.75 అయిపోతుంది. ఒక్క రోజు తేడాతో నెలా వారం రోజులు పెరిగిపోయాయన్నమాట. ఏటా జీతం పడే ముందురోజు చూసుకోండి, క్రెడిట్ కార్డు మీద అప్పటికే వాడేసింది తీసేసి. 48 వేల ఇంటి ఖర్చు కూడా ఏడాది మొత్తం ఖర్చును పన్నెండుతో భాగించి వచ్చినదేనా అన్నది చూడండి. బీమా ప్రీమియం, పిల్లల ఫీజుల వంటివి ఏడాదికోసారి వస్తాయి. మామూలు నెల చూసి 48 అని రాసి ఉంటే అసలు అంకె అంతకన్నా ఎక్కువే ఉంటుంది. జీతం పోతే ఖర్చు తగ్గించుకుంటాంలే అని ముందే 35 వేలు వేసుకుని భాగించేవాళ్లున్నారు. నేనైతే అలా చేయను. ఉద్యోగం పోయిన మొదటి రెండు నెలలు ఖర్చు ఏమంత తగ్గదు, పాత ఒప్పందాలు అలాగే నడుస్తాయి. ఇక చేతిలో డబ్బు అంటే నష్టపోకుండా వారంలో తీసుకోగలిగినది మాత్రమే. రిటైర్మెంట్ నిధి అందులోకి రాదు, కార్డు మీద మిగిలిన పరిమితి అసలే రాదు.

వచ్చే ఏడాది మీ జీతం పెరిగితే ఒక విచిత్రం చూస్తారు. 80 వేలు 88 వేలయ్యాయనుకోండి, ఇంటి ఖర్చు కూడా ఆ ఎనిమిది వేలూ మింగి 56 అయిందనుకోండి. వాయిదాల వాటా మీరు వేలు కదపకుండానే 20 నుంచి 18కి దిగుతుంది. నెలకు మిగిలేది అదే 16 వేలు, కానీ పొదుపు శాతం 20 నుంచి 18కి తగ్గుతుంది. నెల అవసరం 72 వేలు అవుతుంది కాబట్టి ఇవాళ్టి 2.88 లక్షలే నాలుగున్నర నెలల బదులు నాలుగు నెలలే గడిపిస్తాయి. మూడింటిలో ఒకటి బాగుపడినట్టు, రెండు చెడినట్టు కనిపిస్తాయి. అప్పుడు మీరు చూడాల్సింది ఆ మూడింటినీ కాదు, 48 ఎందుకు 56 అయిందన్నది. అందుకే శాతాల పక్కన ఇంటి ఖర్చును కూడా మామూలు అంకెగానే రాసి ఉంచండి.

పాత ఏళ్ల వరుసలను దిద్దాలా అంటే, గత ఏడాదిది మాత్రం దిద్దండి, లేకపోతే పోల్చడానికి ఆధారం ఉండదు. పొదుపు 5, అసలుతో కలిపి 20.5. వాయిదాల వాటా 35, బాకీ ఆదాయానికి 2 రెట్లు. గడిచే నెలలు 6. దాని కింద ఈ ఏడాదివి: 20, 26. వాటా 20, బాకీ 1.56 రెట్లు. గడిచే నెలలు 4.5, కనిష్ఠం 1.5. గత ఏడాది కనిష్ఠం నాకు తెలియదు. బ్యాంకు స్టేట్‌మెంటులో నెలనెలా జీతం పడే ముందురోజు నిల్వ చూసి, అన్నింటిలో తక్కువైనదాన్ని 76 వేలతో భాగించి ఆ గడి మీరే నింపుకోండి.